సోమవారం నాలుగు గళ్ల పట్టిక (ఫ్రిజ్ తలుపు మీదిది)

10 నవంబరు 2025, సోమవారం. కార్తీక మూడో సోమవారం.
ఆదివారం రాత్రి పదింబావుకి రాసినది. ఫొటో ఇంటి గ్రూపులో కూడా పెట్టాను, "నేను చూళ్లేదు" అనడానికి లేదు.

రేపు ఎవరెవరు ఎక్కడ

నేను: ఆఫీసు 9:30 నుంచి 6 దాకా. ఆయన: ఈ వారం బీ షిఫ్టు, కృష్ణపట్నం పోర్టు బస్సు 12:30కి వేదాయపాళెంలో ఎక్కాలి, తిరిగొచ్చేసరికి రాత్రి 11. అంటే పొద్దున పూట ఆయన ఇంట్లో ఉంటారు, సాయంత్రం నేనుంటాను. మధ్యలో 12:30 నుంచి 6:20 దాకా అత్తయ్య, మామయ్య. పాపకు స్కూలు బస్సు 7:50. బాబు రేపు స్కూలుకి వెళ్లడు, ఒళ్లు కాలుతోంది.

ఏ పని ఏ గడిలోకి

రెండు ప్రశ్నలు. రేపు చెయ్యకపోతే ఎల్లుండికి చెడుతుందా? చెడితే తొందర పని. నెల పోయాక దీనివల్ల ఇంట్లో ఎవరికైనా తేడా పడుతుందా? పడితే ముఖ్యమైన పని. ఎవరు గట్టిగా అరిచారన్నది లెక్కలోకి రాదు, బాబు అరిచినా, మా సారు అరిచినా.

(ఈ గళ్లకు అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ పేరు పెట్టుకున్నారు. ఆయన పొద్దున్నే రెండు క్యారియర్లు కట్టి ఉండడు.)

| | తొందర ఉంది | తొందర లేదు |
|---|---|---|
| ముఖ్యం | 1. ఈ రోజే: బాబు జ్వరం, జీఎస్టీఆర్-1, అత్తయ్య ఉపవాసంలో షుగర్ మాత్ర | 2. రోజు, టైము రాసుకుని: సుకన్య ఖాతా, మామయ్య లైఫ్ సర్టిఫికెట్, బాబు టీకా, ఆధార్, వానకి ఏర్పాటు, నా థైరాయిడ్ పరీక్ష, పాప ఎక్కాలు |
| ముఖ్యం కాదు | 3. వేరేవాళ్లకి, లేదా పది నిమిషాల్లో: గ్యాస్ బుకింగ్, వాటర్ క్యాన్, చిల్డ్రన్స్ డే డ్రస్సు, వనభోజనం చందా, అపార్ట్‌మెంట్ మీటింగు, చెల్లి జాకెట్ల ఫొటోలు | 4. రేపు వద్దు: రీల్స్, ఆఫర్ల మెసేజీలు, అల్మరా సర్దడం |

1వ గడి

మూడు పనులకి మించి ఇందులో రాయను. పోయిన వారం ఏడు రాశాను, ఏడూ సగం సగమే అయ్యాయి.

| పని | ఎవరు | ఎప్పటికి |
|---|---|---|
| బాబును పిల్లల డాక్టరుకి చూపించడం | ఆయన | 8:30కి టోకెన్, 11కల్లా ఇల్లు |
| జీఎస్టీఆర్-1 ఫైలింగ్ | నేను | సోమవారం సాయంత్రం 5 |
| అత్తయ్య మాత్ర సంగతి డాక్టర్నడగడం | నేను | పొద్దున 7:30, ఫోన్లో |

బాబుకి శనివారం రాత్రి మొదలైంది, ఇప్పుడు 101. వానలు పడ్డాక మన వీధిలో నీళ్లు నిలిచే ఉన్నాయి కాబట్టి రెండు రోజులు చూద్దాం అనుకోవడానికి లేదు. ఏవండీ, ఎన్ని గంటలకి ఎంత జ్వరం ఉందో, ఏ సిరప్ ఎంత వేశామో నోటుపుస్తకం చివరి పేజీలో రాసిపెట్టాను, అదే తీసుకెళ్లండి. డాక్టరడిగితే "మా ఆవిడకి తెలుసు" అనొద్దు. రక్తపరీక్ష రాస్తే అక్కడే ఇచ్చేసి రండి, రిపోర్టు సాయంత్రం నేను తీసుకుంటాను.

జీఎస్టీఆర్-1 అంటే నెలనెలా మేం ఎక్కించే అమ్మకాల బిల్లుల లెక్క. దాని గడువు 11, అంటే మంగళవారం. మరి సోమవారమే ఎందుకంటే, ఆఖరి రోజు పోర్టల్ తిరుగుతూనే ఉంటుంది. మేం రొయ్యల ప్యాకింగుకి డబ్బాలు అమ్మేవాళ్లం. మా బిల్లు 11లోపు ఎక్కకపోతే 14న వచ్చే జీఎస్టీఆర్-2బీలో కొన్నవాళ్లకి అది కనిపించదు, వాళ్లకి రావాల్సిన పన్ను క్రెడిట్ ఒక నెల వెనక్కి పోతుంది. ఆ తర్వాత గూడూరు నుంచి ఒంగోలు దాకా ప్రతి పార్టీ ఫోనూ నాకే. అక్టోబరు బిల్లుల్లో 14 ఇంకా సరిచూడాలి. లంచ్ లోపు అవి అయిపోతే 5కి ఫైలింగ్ పూర్తవుతుంది. లంచ్ తర్వాత ఆ మూడు గంటలూ నా ఫోను సైలెంటు. బాబు సంగతైతే రెండుసార్లు వరసగా చెయ్యండి, ఎత్తుతాను.

మూడోది నేను మొదట 3వ గడిలో "అత్తయ్య పూజ" అని రాశాను. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని చదివి, "శివుడు ముఖ్యం కాదా అమ్మాయ్?" అన్నారు. తప్పు నాదే. మూలాపేట మూలస్థానేశ్వర స్వామి గుడికి వెళ్లడం, నక్షత్రం చూశాక భోంచెయ్యడం అత్తయ్యకి 1వ గడే. నా భయం వేరు: షుగర్ మాత్ర వేసుకుని పొద్దంతా ఏమీ తినకపోతే షుగర్ పడిపోవచ్చు. పోయిన సోమవారం గుడి మెట్ల దగ్గర కళ్లు తిరిగాయని నాకు పక్కింటావిడ చెప్పింది, అత్తయ్య చెప్పలేదు. మాత్ర ఎప్పుడు వెయ్యాలో, అసలు వెయ్యాలో వద్దో డాక్టరే చెప్పాలి. డాక్టరు పాలు, పండు తీసుకోమంటే తీసుకోవాలి. చెమటలు పట్టినా వణుకొచ్చినా వెంటనే చక్కెర నీళ్లు, వ్రతం సంగతి తర్వాత. మామయ్యా, మీరు గుడికి తోడు వెళ్లాలి.

2వ గడి

| పని | ఎవరు | నేను పెట్టుకున్న రోజు | అసలు గడువు |
|---|---|---|---|
| పాప సుకన్య సమృద్ధి ఖాతా | ఆయన | మంగళవారం 11, పొద్దున 10 | డిసెంబరు 3లోపు |
| మామయ్య లైఫ్ సర్టిఫికెట్ | నేను | శనివారం 15, సాయంత్రం | నవంబరు 30 |
| బాబు డీపీటీ బూస్టరు | అత్తయ్య, నేను | బుధవారం 19 | ఆరేళ్లు నిండేలోపు |
| బాబు ఆధార్ వేలిముద్రలు | ఆయన | 24 తర్వాత, షిఫ్టుని బట్టి ఖాళీ ఉన్న పూట | ఏడేళ్లు నిండేలోపు |
| వానకి ఏర్పాటు | అందరూ | మంగళవారం రాత్రి | వాయుగుండం చెప్పి రాదు |
| నా థైరాయిడ్ పరీక్ష | నేను | మంగళవారం 11, పొద్దున 7 | మే నెలలోనే అయిపోవాల్సింది |
| పాపకి 12, 13 ఎక్కాలు | నేను | రోజూ 8:30 నుంచి 8:50 | లేదు |

సుకన్య ఖాతా గురించి కొంచెం రాయాలి. పాప పుట్టిన నెలలోనే తెరుద్దామనుకున్నాం. నెలకి వెయ్యి అనుకున్నాం, తర్వాత బైకు లోను, తర్వాత కరోనా, తర్వాత బాబు. తొమ్మిదేళ్లు ఈ పని "తొందరేముంది" అనే గడిలోనే కూర్చుంది. డిసెంబరు 3కి పాపకి పదేళ్లు నిండుతాయి, పదేళ్లు నిండితే ఆ ఖాతా తెరవనివ్వరు. ఇప్పుడున్న వడ్డీ 8.2 శాతం, కట్టేది 15 ఏళ్లు, ముగిసేది ఖాతా తెరిచిన 21 ఏళ్లకి. మొదలుపెట్టడానికి 250 రూపాయలు చాలు, మనం వెయ్యి వేద్దాం. బర్త్ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్లు, మీ పాన్ కార్డు, ఫొటోలు పచ్చ కవర్లో పెట్టి టీవీ మీద ఉంచాను. పోస్టాఫీసులో జిరాక్సు లేదంటే వెనక్కి రావొద్దు, ప్రతిదీ రెండేసి తీయించాను. మంగళవారం కాకపోతే బుధవారం నుంచి ఇది 1వ గడిలోకి ఎక్కుతుంది, ఎర్ర పెన్నుతో.

మామయ్య రైల్వే పింఛను: నవంబరు 30 ఆదివారం వచ్చింది, కాబట్టి దాన్ని గడువుగా లెక్కపెట్టుకోకండి. పోయినేడు వేలిముద్రలు పడక మూడుసార్లు తిరిగారు. బిట్రగుంటలో ముప్పయ్యేళ్లు ఇనుము పట్టిన చేతులు, గీతలెక్కడ మిగులుతాయి! ఈసారి ఫోన్లో ముఖం చూపించి చేద్దాం. శనివారం వెలుతురు ఉండగానే, కిటికీ దగ్గర. పింఛను ఆర్డరు నంబరు, ఆధార్, బ్యాంకు పుస్తకం చేతిలో పెట్టుకుని కూర్చోండి మామయ్యా, మధ్యలో లేచి వెతకొద్దు.

టీకా ఈ బుధవారం 12కే అనుకున్నాను. జ్వరం ఉంది గనక 19కి మార్చాను.

వానకి ఏర్పాటు: మన నెల్లూరోళ్లకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. కలెక్టరు సెలవు ప్రకటించేది ముందురోజు రాత్రి కావచ్చు, తెల్లవారుజామున కావచ్చు. స్కూళ్లకి సెలవు, మా ఆఫీసుకి ఉండదు, పోర్టుకి అసలే ఉండదు. అప్పుడు పిలకాయల్ని ఎవరు చూసుకోవాలన్నది ఆ ఉదయం తేల్చుకోవడం కుదరదు, పోయినేడు గొడవపడింది అందుకే. ఇలా చేద్దాం: బీ షిఫ్టు వారమైతే పొద్దున మీరు, మధ్యాహ్నం అత్తయ్య. ఏ షిఫ్టు వారమైతే నేను సగం రోజు సెలవు. మంగళవారం రాత్రి ఈ నాలుగూ చూసేద్దాం: టార్చిలైటు సెల్లులు, పవర్ బ్యాంకు ఛార్జింగు, తాగే నీళ్లు రెండు క్యాన్లు, మేడ మీద తూము దగ్గర ఆకులు.

3వ గడి

| పని | ఎవరికి ఇచ్చాను |
|---|---|
| గ్యాస్ బుకింగ్ | మామయ్య. మిస్డ్ కాల్ ఇస్తే చాలు, నంబరు స్టవ్ పక్కన గోడ మీద ఉంది |
| వాటర్ క్యాన్ | పాప, స్కూలు నుంచి వచ్చాక ఫోను చేస్తుంది |
| 14న చిల్డ్రన్స్ డే, పాపకి తెల్ల డ్రస్సు, గులాబీ | ఉన్న తెల్ల చుడీదారే. కొత్తది కొనం. గులాబీ శుక్రవారం పొద్దున |
| ఆఫీసు వనభోజనం చందా 300 | ఇచ్చేస్తా. పులిహోర వంతు మాత్రం నాది కాదని చెప్పేస్తా |
| అపార్ట్‌మెంట్ మీటింగు, 7 గంటలకి | మామయ్య వెళ్తారు. మోటారు రిపేరుకి సరే, రంగులకి వద్దు |
| చెల్లి పెళ్లి జాకెట్ల ఫొటోలు | రాత్రి 9 తర్వాత ఒక్కసారే చూస్తా |
| సారు "ఒక్క నిమిషం రామ్మా" | నాకే. ఎవరికీ ఇవ్వడానికి లేదు |

స్కూలు గ్రూపులో రోజుకి అరవై మెసేజీలు. టీచరు పెట్టినవి రెండు, మిగతావి "ఓకే మేడమ్". మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తా, అంతే.

4వ గడి

రాశానంటే మానేస్తానని కాదు. రాత్రి పదయ్యాక పది నిమిషాలు.

సోమవారం రాత్రి 9:40, కొట్టివేతలు

బాబు: వైరల్ జ్వరమే అన్నారు. రక్తపరీక్ష బుధవారానికి కూడా తగ్గకపోతేనట. ఇప్పుడు 99.4. పెరుగన్నం నాలుగు ముద్దలు తిన్నాడు. ✔

జీఎస్టీఆర్-1: 5:25కి వెళ్లింది. ఒక పార్టీ జీఎస్టీ నంబర్లో ఒక అంకె తప్పుంటే అక్కడే నలభై నిమిషాలు పోయింది. ✔

అత్తయ్య: పొద్దుటి మాత్ర వద్దన్నారు, రాత్రి భోజనంతో ఒకటి. మధ్యాహ్నం పాలు, అరటిపండు తీసుకున్నారు. అరటిపండు నేను చూళ్లేదు, మామయ్య సాక్ష్యం. ✔

గ్యాస్: మిస్డ్ కాల్ ఇచ్చిన ఫోను అత్తయ్యది, నమోదైన నంబరు మీది. రేపు మీరే చెయ్యండి.

వాటర్ క్యాన్: పాప మర్చిపోలేదు, రెండు చెప్పింది. ✔

ఎక్కాలు: 13 దగ్గర 13 ఎనిమిదులు ఇంకా 102 అంటోంది.

థైరాయిడ్ పరీక్ష: రేపు పొద్దున బాబు నన్ను వదిలేలా లేడు. గురువారం 13కి జరిపాను. ఇలా జరపడం నాలుగోసారి. పరగడుపున వెళ్లాలి, ఆ పొద్దున నా కాఫీ కలపొద్దు. ఆరున్నరకి లేపండి, లేవకపోతే మళ్లీ లేపండి.