ఫీడ్ బండి కొందామా, కిరాయికే తిప్పుదామా: డెసిషన్ ట్రీ లెక్క

అన్నయ్యకు, బావగారికి,

మన భీమవరం కొట్టు నుంచి ఉండి, ఆకివీడు, కాళ్ళ వైపు చెరువులకు ఫీడ్ పంపడానికి సొంత బొలేరో పికప్ కొనాలా, ఎప్పటిలా కిరాయి బళ్లతోనే నడపాలా అని సంక్రాంతి నుంచి వాదించుకుంటున్నాం. అందుకే కాగితం మీద లెక్క వేశాను. ఒక్కో దారిలో ఏడాదికి ఎంత ఖర్చవుతుందో, అది జరగడానికి ఎంత అవకాశం ఉందో గుణించి కూడితే వచ్చేదే ఈఎంవీ. ఇక్కడ అంకెలన్నీ ఖర్చులే కాబట్టి తక్కువ వచ్చిన దారే మంచిది.

ముందు అంకెలు ఎక్కడివో చెబుతాను. ట్రిప్పుకు 60 బస్తాలు, అంటే ఒకటిన్నర టన్ను. కిరాయి ట్రిప్పుకు 1,600. సీజన్ ఊపు మీద ఉంటే 1,800 అడుగుతున్నారు, ఇవ్వక తప్పడం లేదు. సొంత బండికి డీజిల్, టైర్లు, ఆయిల్ కలిపి ట్రిప్పుకు 650. బండి నిలబడి ఉన్నా తప్పని ఖర్చు ఏడాదికి 5.20 లక్షలు: 11 లక్షల బండి అయిదేళ్లకు నాలుగున్నరకు అమ్ముడుపోతుందనుకుంటే తరుగు 1.30, వడ్డీ 0.85, డ్రైవర్ జీతం 2.16, ఇన్సూరెన్స్ 0.42, సర్వీసింగ్ 0.35, టాక్సు, ఫిట్‌నెస్ 0.12. ఒక బండి ఏడాదికి 800 ట్రిప్పులు తిరగగలదు.

అవకాశాల కోసం పదేళ్ల పుస్తకాలు తిరగేశాను. మూడేళ్లు ఫీడ్ జోరుగా కదిలింది, నాలుగేళ్లు మామూలు, మూడేళ్లు వైట్‌స్పాట్ వల్లో, రొయ్య ధర పడిపోయి రైతులు సీడ్ వేయకపోవడం వల్లో దెబ్బతిన్నాం. ఇప్పటి వ్యాపారానికి జోరంటే 1,600 ట్రిప్పులు, మామూలంటే 1,100, దెబ్బంటే 450.

```
నిర్ణయం (ఖర్చు లక్షల్లో, ఏడాదికి)
├─ అంతా కిరాయి        ఈఎంవీ 17.84
│   ├─ జోరు    0.3    28.80
│   ├─ మామూలు 0.4    17.60
│   └─ దెబ్బ    0.3     7.20
├─ ఒక సొంత బండి + కిరాయి   ఈఎంవీ 15.96
│   ├─ జోరు    0.3    24.80
│   ├─ మామూలు 0.4    15.20
│   └─ దెబ్బ    0.3     8.13
└─ రెండు సొంత బళ్లు     ఈఎంవీ 17.26
    ├─ జోరు    0.3    20.80
    ├─ మామూలు 0.4    17.55
    └─ దెబ్బ    0.3    13.33
```

ఒక్క కొమ్మ విప్పి చూపిస్తాను. ఒక బండి ఉండి ఏడాది జోరుగా సాగితే: తప్పని ఖర్చు 5.20, సొంత ట్రిప్పులు 800 × 650 = 5.20, మిగతా 800 కిరాయికి 1,800 చొప్పున 14.40, మొత్తం 24.80.

ఒక బండి కొని, మిగతాది కిరాయికి పంపడమే నా మాట. పూర్తి కిరాయి కన్నా ఏడాదికి సగటున 1.88 లక్షలు, రెండు బళ్ల కన్నా 1.30 లక్షలు తక్కువ.

బావగారూ, 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు మన రైతులు పడ్డ టెన్షన్ చూశాక, దెబ్బ ఏడాదికి 30 శాతం తక్కువని మీరు అన్నారు. ఆ మాట నిజమే కావచ్చు. అందుకే అదీ మార్చి చూశాను. జోరు, మామూలు నిష్పత్తి అలాగే ఉంచి దెబ్బను 50 శాతం చేసినా, కిరాయి కన్నా ఒక బండే 1.08 లక్షలు చవక. అది 77 శాతం దాటితేనే కిరాయి గెలుస్తుంది. దెబ్బ ఏడాదిలో కూడా ఒక బండి వల్ల పోయేది 93 వేలే. అది మనం తట్టుకోగలం.

అన్నయ్యా, రెండు బళ్లు కావాలన్న నీ మాటను కొట్టెయ్యడం లేదు. జోరు అవకాశం 47 శాతం దాటితే నీ లెక్కే సరి. కానీ దెబ్బ తగిలితే రెండో బండి మీద 5.20 లక్షలు పూర్తిగా నష్టం, వడ్డీ మాత్రం ఆగదు. ఏడాది ఎలా ఉంటుందో ముందే కచ్చితంగా తెలిస్తే సగటు ఖర్చు 14.48కి దిగుతుంది. అంటే ఆ సమాచారం విలువ మహా అయితే 1.48 లక్షలు. అంత ఖర్చు లేకుండానే అందులో కొంత మనకు దొరుకుతుంది: వేసవి పంట సీడ్ ఎంత పడిందో ఏప్రిల్‌కల్లా మన రైతులే చెబుతారు.

ఇంకొకటి ఈ చెట్టులో లేదు, నాకు మాత్రం అదే ముఖ్యం. పోయిన సీజన్‌లో కిరాయి బండి రాక, కాళ్ళ రైతు ఒకాయన చెరువుకు సాయంత్రం మేత వేయలేకపోయాడు. రొయ్యకు రోజుకు నాలుగు పూటలు మేత పడాలి. ఆయన తర్వాత వేరే కొట్టుకు వెళ్లిపోయాడు. ఆ నష్టానికి అంకె వేయలేదు. వేసి ఉంటే సొంత బండి వైపు ఇంకా మొగ్గేది.

మీరిద్దరూ సరేనంటే ఫిబ్రవరి మొదటి వారంలోనే బండి బుక్ చేద్దాం. జూన్ ఆఖరుకు మొత్తం ట్రిప్పులు 750 దాటి, కిరాయి 1,800 దగ్గరే ఉంటే, రెండో బండి కోసం ఇవే కొమ్మలకు కొత్త అవకాశాలు వేసి మళ్లీ కూర్చుందాం.