బోర్డు మీద ఒకే సర్క్యూట్: ఆప్‌యాంప్ ఇంటర్వ్యూ ప్రశ్నలు, జవాబులు

కొత్తగా బీటెక్ పూర్తి చేసి అనలాగ్ డిజైన్ ఉద్యోగానికి వచ్చినవారిని నేను అరగంట సేపు ఒకే సర్క్యూట్ మీద అడుగుతాను. ప్లస్ పిన్నుకు ఇన్‌పుట్ ఇస్తాను. అవుట్‌పుట్ నుంచి మైనస్ పిన్నుకు 9 కిలో ఓమ్‌ల రెసిస్టర్, అక్కడి నుంచి గ్రౌండుకు 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెడతాను. ఆప్‌యాంప్ పాత 741, సప్లై ప్లస్ మైనస్ 15 వోల్టులు. కింద రాసినవి నేను వేసే ప్రశ్నలు, నాకు తృప్తినిచ్చే జవాబులు.

ప్రశ్న: ఈ సర్క్యూట్ గెయిన్ ఎంత? సూత్రం వాడకుండా చెప్పండి.

జవాబు: ఇన్‌పుట్ 0.1 వోల్టు అనుకుంటాను. నెగటివ్ ఫీడ్‌బ్యాక్ ఉంది కాబట్టి, అవుట్‌పుట్ శాచురేట్ కానంతవరకు మైనస్ పిన్ను కూడా దాదాపు 0.1 వోల్టు దగ్గరే ఉంటుంది. అప్పుడు 1 కిలో ఓమ్‌లో 0.1 మిల్లీ ఆంపియర్ పారుతుంది. పిన్నులోకి కరెంటు పోదు కనుక అదంతా 9 కిలో ఓమ్ గుండానే రావాలి. దాని మీద 0.9 వోల్టు పడుతుంది. అవుట్‌పుట్ 1 వోల్టు, గెయిన్ 10.

ప్రశ్న: రెండు పిన్నులూ సమానంగా ఉంటాయన్నారు. ఎవరు సమానం చేస్తున్నారు?

జవాబు: ఫీడ్‌బ్యాక్ చేస్తోంది, ఆప్‌యాంప్ తనంతట తాను చేయడం లేదు. నిజానికి అవి పూర్తిగా సమానం కావు. 741 ఓపెన్ లూప్ గెయిన్ సుమారు 2 లక్షలు. అవుట్‌పుట్ 1 వోల్టు కావాలంటే పిన్నుల మధ్య 5 మైక్రోవోల్టుల తేడా ఉండి తీరాలి.

ప్రశ్న: ప్లస్, మైనస్ పిన్నులను తారుమారు చేస్తే?

జవాబు: సూత్రం అదే గెయిన్ చూపిస్తుంది, సర్క్యూట్ మాత్రం పనిచేయదు. ఫీడ్‌బ్యాక్ పాజిటివ్ అవుతుంది. రవ్వంత తేడా వచ్చినా అది పెరిగి పెరిగి అవుట్‌పుట్‌ను 14 వోల్టుల దగ్గరో, మైనస్ 14 దగ్గరో నిలబెడుతుంది. అది ష్మిట్ ట్రిగ్గర్. ఇన్‌పుట్ సుమారు 1.4 వోల్టులు దాటితే గాని మళ్లీ మారదు.

(ఇక్కడ చాలామంది జారిపోతారు. వర్చువల్ షార్ట్‌ను మంత్రంలా పట్టుకున్నవారు తారుమారు చేసిన సర్క్యూట్‌కూ గెయిన్ 10 అనే చెబుతారు.)

ప్రశ్న: ఓపెన్ లూప్ గెయిన్ 2 లక్షలు కాక వెయ్యి మాత్రమే అయితే?

జవాబు: క్లోజ్డ్ లూప్ గెయిన్ `A/(1 + Aβ)`. ఇక్కడ β పదో వంతు, లూప్ గెయిన్ 100. వెయ్యిని 101తో భాగిస్తే 9.90. అంటే ఒక శాతం తక్కువ. లూప్ గెయిన్ ఎంతో తెలిస్తే పొరపాటు ఎంతో నోటితోనే చెప్పవచ్చు.

ప్రశ్న: ఇన్‌పుట్‌ను గ్రౌండు చేశాను. అవుట్‌పుట్ సున్నా ఉంటుందా?

జవాబు: ఉండదు. మామూలు 741లో ఆఫ్‌సెట్ 2 మిల్లీవోల్టుల వరకు అనుకుంటే అవుట్‌పుట్‌లో 20 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. దీనికి బయాస్ కరెంటు కూడా తోడవుతుంది. అది సుమారు 80 నానో ఆంపియర్లు. 9 కిలో ఓమ్ మీద ఒక మిల్లీవోల్టు కూడా పడదు, వదిలేయవచ్చు. అదే రెసిస్టర్లను 900 కిలో, 100 కిలో చేస్తే 72 మిల్లీవోల్టులు వస్తుంది, ఆఫ్‌సెట్‌ను మించిపోతుంది. అప్పుడు ప్లస్ పిన్నుకు సిరీస్‌లో 90 కిలో ఓమ్ పెడితే రెండు వైపులా చాలావరకు సరిపోతుంది.

చిప్‌లో మాస్‌ఫెట్ ఇన్‌పుట్ అయితే బయాస్ కరెంటు బెడద దాదాపు ఉండదు. ఆఫ్‌సెట్ మాత్రం రెండు ట్రాన్సిస్టర్లు అచ్చం ఒకేలా తయారుకాకపోవడం వల్ల వస్తుంది. వైశాల్యం నాలుగింతలు చేస్తే అది సగమవుతుంది.

ప్రశ్న: ఇప్పుడు 100 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్ ఇస్తాను. అవుట్‌పుట్‌లో 10 వోల్టుల పీక్ కావాలి. వస్తుందా?

(నాకు ఇష్టమైన ప్రశ్న. గెయిన్ బ్యాండ్‌విడ్త్ 1 మెగాహెర్ట్జ్, గెయిన్ 10, కాబట్టి బ్యాండ్‌విడ్త్ 100 కిలోహెర్ట్జ్, పీక్ 7 వోల్టుల వరకు వస్తుందని టక్కున చెప్పేస్తారు. ఆ లెక్క చిన్న సిగ్నల్‌కే చెల్లుతుంది.)

జవాబు: రాదు. 10 వోల్టుల పీక్‌కు సైన్ వేవ్ అత్యధిక వాలు `2πfV`, అంటే మైక్రోసెకనుకు 6.28 వోల్టులు. 741 స్లూ రేట్ మైక్రోసెకనుకు 0.5 వోల్టే. స్కోపులో త్రికోణం కనిపిస్తుంది. సగం సైకిల్ 5 మైక్రోసెకన్లు కాబట్టి కింది కొన నుంచి పై కొనకు 2.5 వోల్టులే ఎక్కగలదు. 10 వోల్టుల పీక్ చెక్కుచెదరకుండా రావాలంటే 8 కిలోహెర్ట్జ్ లోపే ఉండాలి.

ప్రశ్న: ఆ 0.5 ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు: లోపల 30 పికోఫారడ్‌ల కాంపెన్సేషన్ కెపాసిటర్ ఉంది. ఇన్‌పుట్ పెద్దగా ఊగితే మొదటి స్టేజి తన దగ్గరున్న కరెంటంతా ఒకవైపే పంపగలదు. అంతకు మించి దాని చేతిలో ఏమీ లేదు. సుమారు 15 మైక్రో ఆంపియర్లు 30 పికోఫారడ్‌లను నింపితే మైక్రోసెకనుకు సరిగ్గా అర వోల్టు.

ప్రశ్న: అయితే కెపాసిటర్ తగ్గించేస్తే సరి, కాదా?

జవాబు: స్లూ రేట్ పెరుగుతుంది, గెయిన్ బ్యాండ్‌విడ్త్ కూడా పెరుగుతుంది, కానీ స్థిరత్వం పోతుంది. ఆ కెపాసిటర్ మొదటి పోల్‌ను 5 హెర్ట్జ్ దగ్గరకు దించడం వల్లే, రెండో పోల్ వచ్చేలోపు లూప్ గెయిన్ ఒకటికి పడిపోతోంది. తగ్గిస్తే రెండో పోల్ ఫేజ్‌ను తినేస్తుంది. అవుట్‌పుట్ మొదట రింగ్ అవుతుంది, ఇంకా తగ్గిస్తే ఆసిలేట్ అవుతుంది.

ప్రశ్న: గెయిన్ 10 దగ్గర నిలకడగా ఉన్న ఆప్‌యాంప్‌ను బఫర్‌గా పెడితే ఆసిలేట్ అయింది. గెయిన్ తగ్గిస్తే మంచిది కదా?

జవాబు: స్థిరత్వానికి బఫరే కష్టమైన పరీక్ష. అవుట్‌పుట్ మొత్తం వెనక్కి వస్తుంది కాబట్టి β ఒకటి, లూప్ గెయిన్ అన్నిటికన్నా ఎక్కువ. అది ఒకటికి చేరే ఫ్రీక్వెన్సీ రెండో పోల్‌కు దగ్గరవుతుంది, ఫేజ్ మార్జిన్ తగ్గుతుంది. OP27, OP37 జంట దీనికి చక్కని ఉదాహరణ. మొదటిది బఫర్‌గానూ నిలుస్తుంది, స్లూ రేట్ 2.8. రెండోదానిలో కాంపెన్సేషన్ తగ్గించారు. స్లూ రేట్ 17కు పెరిగింది, కానీ గెయిన్ కనీసం 5 ఉండాలి.

ప్రశ్న: రెండు స్టేజిల సీమాస్ ఆప్‌యాంప్‌లో టెయిల్ కరెంటు 20 మైక్రో ఆంపియర్లు, మిల్లర్ కెపాసిటర్ 2 పికోఫారడ్‌లు, ఇన్‌పుట్ gm 200 మైక్రో సీమెన్స్. లెక్క కట్టండి.

జవాబు: స్లూ రేట్ `I/C`, మైక్రోసెకనుకు 10 వోల్టులు. గెయిన్ బ్యాండ్‌విడ్త్ `gm/(2πC)`, దాదాపు 16 మెగాహెర్ట్జ్. ఇదే కెపాసిటర్ గుండా సిగ్నల్ ముందుకు కూడా దూకుతుంది కాబట్టి కుడి అర్ధతలంలో ఒక జీరో వస్తుంది. దానితో సిరీస్‌లో రెండో స్టేజి `1/gm` అంత రెసిస్టర్ పెడితే ఆ జీరో అనంతానికి పోతుంది.

ప్రశ్న: చివరిది. ఆ 2 లక్షల గెయిన్‌ను ఎలా కొలుస్తారు?

జవాబు: లూప్ తెరిచి కొలవలేను. 2 మిల్లీవోల్టుల ఆఫ్‌సెట్‌ను 2 లక్షలతో గుణిస్తే 400 వోల్టులు. సప్లై 15 మాత్రమే, అవుట్‌పుట్ ఒక పక్కకు అతుక్కుపోతుంది. సిమ్యులేటర్‌లో అయితే అవుట్‌పుట్ నుంచి మైనస్ పిన్నుకు చాలా పెద్ద ఇండక్టర్, అక్కడి నుంచి గ్రౌండుకు చాలా పెద్ద కెపాసిటర్ పెడతాను. డీసీకి లూప్ మూసి ఉంటుంది, ఏసీకి తెరిచి ఉంటుంది. బెంచి మీద అంత ఇండక్టర్ దొరకదు కాబట్టి, రెండో ఆప్‌యాంప్‌ను సర్వోగా పెట్టి అవుట్‌పుట్‌ను నాకు కావలసిన వోల్టేజీ దగ్గర నిలబెడతాను. దాన్ని 10 వోల్టులు జరిపినప్పుడు ఇన్‌పుట్‌లో ఎన్ని మైక్రోవోల్టులు మారాయో చూస్తాను. 50 మైక్రోవోల్టులు మారితే గెయిన్ 2 లక్షలు.