పోరంకి ఇంట్లో అడుగుపెడుతున్న వదినకి

వదినా,

రేపు తెల్లవారుజామున 4:20కి ముహూర్తం. పంతులుగారి హడావిడి, ఆవూ దూడా, చుట్టాలు, వంటవాళ్లు... ఇంతమంది మధ్య నీతో రెండు ముక్కలు మాట్లాడే వీలు దొరకదని ఈ కాగితం చీరె మడతలో పెడుతున్నాను. వ్రతం అయ్యి, అందరూ భోజనాలు చేసి వెళ్లాక తీరిగ్గా చదువుకో.

ఆ చీరె సంగతి ముందు చెప్పాలి. పీటల మీద కూర్చునేముందు పుట్టింటివాళ్లు బట్టలు పెట్టాలి కదా, నాకెవరున్నారు అని మొన్న అన్నావు. నవ్వుతూనే అన్నావు గానీ, నీ అన్నయ్య ఆ మాట పట్టుకుని సాయంత్రమే షాపుకి బయల్దేరారు. రంగు ఆయనే చూశారు, నన్ను వేలు పెట్టనివ్వలేదు. నచ్చకపోతే ఆయన్నే అడుగు!

తొమ్మిదేళ్లు కింద వాటాలో మీరు, పైన మేము. అయినా నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 2024 సెప్టెంబరు 1, ఆ ఆదివారమే. బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లో మన వీధిలోకి వస్తుంటే నువ్వు గుమ్మంలో చీపురు పట్టుకుని బయటికి తోశావు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. కాసేపటికే మంచం మునిగింది. అన్నయ్యగారు బియ్యం బస్తా భుజానేసుకుని మెట్లెక్కుతుంటే, వెనకాలే నువ్వు ఒక చేత్తో దేవుడి పటం, ఇంకో చేత్తో పిల్లల సర్టిఫికెట్ల కవరు. నాలుగు రోజులు తొమ్మిది మందిమి రెండు గదుల్లో ఉన్నాం. కరెంటు లేదు, తాగడానికి నీళ్లు లేవు. మూడో రోజు పడవలో వచ్చినవాళ్లు రెండు పాల ప్యాకెట్లు ఇస్తే, కొవ్వొత్తి వెలుగులో నువ్వు వాటిని కాచావు. పొంగితే చుక్క పోతుందని గరిటె తిప్పుతూనే నిలబడ్డావు. ముందు గ్లాసు మా అత్తగారికి ఇచ్చావు, తర్వాతే పిల్లలకి.

రేపు అలా గరిటె పట్టుకోకు. పొంగనివ్వు. గిన్నె అంచు దాటి పొయ్యి మీద పడి, గట్టంతా పాలయ్యేలా పొంగనివ్వు. తూర్పుకి పొంగాలని పంతులుగారు అంటారు. ఎటు పొంగినా కంగారు పడకు, పాలు పాలే.

నీళ్లు తీశాక ఇంట్లో మోకాళ్ల దాకా బురద, పాడైపోయిన ఫ్రిజ్, ఉబ్బిపోయిన బీరువా తలుపులు చూసి నువ్వు ఏడవలేదు. 'ఈసారి మెట్లెక్కి వెళ్లే ఇంట్లోనే ఉంటాను' అన్నావు, అంతే. అందుకే అన్నయ్యగారు బేస్‌మెంట్ నాలుగున్నర అడుగులు లేపించారు. మట్టి దండగ అని మేస్త్రి గొణిగాడట. గొణిగితే గొణిగాడు. శ్లాబు రోజున వచ్చినప్పుడు లెక్కపెట్టాను, ఏడు మెట్లు. ఆ ఏడు మెట్లూ లక్ష్మీదేవి ఎక్కి రావాలి, నీళ్లు మాత్రం నీ ఇంటికి కుళాయిలోనే రావాలి.

పదిహేనేళ్ల లోను పదేళ్లకే తీరిపోవాలి. పెద్దాడు తన గదిలో చదువుకుని, వాడు అనుకున్న సీటు కొట్టాలి. బుజ్జిది కొత్త గోడల మీద బొమ్మలు గీస్తుంది, ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఒక గోడ దానికి వదిలేసి మిగతావి కాపాడుకో. అన్నయ్యగారికి ఆ టెన్షన్లన్నీ తగ్గి, సాయంత్రం అరుగు మీద కూర్చుని కాఫీ తాగే తీరిక దొరకాలి. నీ వంటింట్లో పోపు వాసన వీధి చివరిదాకా రావాలి. పక్కింటివాళ్లు కరివేపాకు కోసం నీ గుమ్మం తొక్కాలి. మొక్క ఒకటి కుండీలో పెట్టి తెస్తున్నాను, పెరట్లో నాటుకో.

ఇంకొక్కటి. మా తలుపు వెనక మేకుకి మీ తాళం చెవి తొమ్మిదేళ్లు వేలాడింది. మొన్న ఓనరుకి ఇచ్చేశాక రోజూ అలవాటుగా చెయ్యి అటే పోతోంది. కొత్త తాళానికి మూడు చెవులు ఇచ్చారన్నావు కదా, ఒకటి పంపు. పోరంకి ఎంత దూరం, ఆటోలో కూర్చుంటే వచ్చేస్తాం.

నీ పైవాటా వదిన