సీను గోళీలు

బడిలో పోటీ. ఒక్కొక్కరికీ 60 గోళీలు. రంగుల వారీగా వరసలు పేర్చాలి, ప్రతి వరసలోనూ చిన్నవి ముందుండాలి.

ఈల మోగగానే అందరూ ఎర్రవి ఏరసాగారు. సీను రంగు చూడనేలేదు. తెచ్చుకున్న అట్టముక్క చిల్లులోంచి గోళీలు దొర్లించాడు. బఠాణీలంతవి జారిపోయాయి. ఇంకాస్త పెద్ద చిల్లున్న అట్టలోంచి మధ్యరకంవి దిగాయి. ఉసిరికాయలంతవి పైనే మిగిలాయి.

ఇక చిన్నవాటితో మొదలుపెట్టి ఒక్కొక్కటే తీసి, దాని రంగు వరస చివర పెడుతూ పోయాడు. మళ్లీ సైజు చూడాల్సిన పనే లేదు!

"అయిపోయింది టీచర్!"

పక్కన లత ఇంకా రెండు ఎర్ర గోళీలు పక్కపక్కన పెట్టి కళ్లు చికిలించి చూస్తోంది. సీను తన అట్టముక్కలు మెల్లగా ఆమెవైపు జరిపాడు.