శ్రీనన్నకు నమస్తే, మన జిమ్‌లో కలిసి పని చేసే మాట ఒకటి

నమస్తే శ్రీనన్నా, నేను మహేష్, జూన్ నుంచి మీ జిమ్‌కు పొద్దుగాల ఆరింటికి వస్తున్న కదా, నల్ల బ్యాగు, కిటికి పక్కన స్క్వాట్ ర్యాక్ కాడ ఉంట, మొన్న ట్రెడ్‌మిల్ బెల్ట్ జారుతుంటె మీకు చెప్పింది నేనే. ముఖం మీద చెప్తే సగం మర్చిపోత, మీకు కూడా గల్లా కాడ నలుగురు ఉండంగ నా ముచ్చట వినే తీరిక ఉండదు, అందుకే రాసి పంపుతున్న. జెర పెద్దగ ఉంది, తీరికగ చదువుండ్రి.

నేను ఫిట్‌నెస్ ట్రైనర్‌ను అన్నా. డిగ్రీ అయినంక సర్టిఫికెట్ కోర్సు చేసిన, హైదరాబాద్‌ల ఒక పెద్ద జిమ్‌ల నాలుగేండ్లు ఫ్లోర్ మీద పని చేసిన. నాయినకు మోకాలి ఆపరేషన్ అయితే ఇంటికాడ మనిషి కావాలని పోయినేడు నల్గొండకు వచ్చేసిన, ఇగ మళ్ల పోయే ఆలోచన లేదు. ఇప్పుడు ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌ల పొద్దుగాల తొమ్మిది మందికి నేర్పుతున్న, అందుల అయిదుగురు పోలీస్ నౌకరికి తయారయ్యేటోళ్లు.

మీ జిమ్ గురించి ఒక మాట ముందుగాల చెప్పాలె. మీరు కొన్న సామాన్ మంచిది, డంబెల్స్ జతలు జతలుగ ఉంటయి, బార్‌లు వంగలేవు, బాత్రూం రోజూ కడుగుతరు. దేవరకొండ రోడ్డు మీద గింత నీట్‌గ నడిపేది మీ ఒక్కరిదే అని నేను గ్రౌండ్‌ల పిల్లలకు కూడా చెప్త. కాని ఈ నాలుగు నెలల్ల ఒకటి చూసిన. జూన్‌ల నాతోపాటు చేరినోళ్లు నా కండ్ల ముందట పద్నాలుగు మంది, ఇప్పుడు వాళ్లల్ల వస్తున్నది నలుగురు. మీరు పెట్టుకున్న కోచ్ అన్న తప్పు కాదు అది, సాయంత్రం ఒక్క మనిషి నలభై మందిని చూస్తడు, ఎవలకని చెప్తడు. కొత్తగ వచ్చిన పిల్లగాడు మొదటి రోజే పక్కోని చూసి బెంచ్ ప్రెస్ కొడ్తడు, తెల్లారి చేతులు లేవవు, నాలుగో రోజు రాడు, నెల ఫీజు పోయిందని ఇంట్ల తిట్లు తింటడు, మళ్ల మన దిక్కు చూడడు. పెద్దోళ్లయితే ఇంకా తొందరగ ఆగిపోతరు, మెషిన్ ఎట్ల పట్టుకోవాల్నో అడగనీకి సిగ్గు.

అన్నా నేను అడిగేది గిదే, ఆ మొదటి నెల నాకు అప్పజెప్పుండ్రి. కొత్తగ ఎవలు చేరినా మొదటి ముప్పై రోజులల్ల మూడు సార్లు నేను కూసోబెట్టి మాట్లాడి, ఒంటికి తగ్గట్టు ఒక చిన్న ప్లాన్ రాసిచ్చి, స్క్వాట్, రోయింగ్, ప్రెస్ లాంటి నాలుగైదు పనులు సక్కగ నేర్పిస్త. దీనికి నాకు పైసలు వద్దు, జీతం అసలే వద్దు. ఎవలన్నా మూడు రోజులు రాకపోతే నేనే ఫోన్ చేస్త, ఏమైందని అడుగుత. హైదరాబాద్‌ల నేను చేసింది గదే, మనిషి ఆగిపోయే ముందు మనం ఒక ఫోన్ చేస్తే సగం మంది మళ్ల వస్తరు, ఎవలో ఒకరు నా కోసం చూస్తున్నరు అన్న మాటకే వస్తరు.

మరి నాకేమి మిగుల్తదంటరా. మీ జిమ్ పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగున్నర దాక ఖాళీ ఉంటది, ఏసీ బంద్ చేసి మీరే ఒక్కరు కూసుంటరు. ఆ టైంల రెండు బ్యాచ్‌లు నడుపుత.

ఒకటి ఆడోళ్లది, పదిన్నర నుంచి పదకొండున్నర. పిల్లల్ని బడికి తోలి, వంట అయినంక వాళ్లకు దొరికే గంట అదే. మా వాడకట్టుల అక్కలను అడిగిన అన్నా, జిమ్‌కు ఎందుకు రారంటే ఫీజు మాట ఒక్కరు కూడా ఎత్తలే, రోడ్డు మీదికి ఉన్న అద్దం తలుపు గురించి చెప్పిండ్రు, ఎదురుంగ చాయ్ హోటల్ కాడ కూసున్నోళ్లకు లోపల అంతా కనిపిస్తదట. ఆ అద్దానికి సగం దాక స్టిక్కర్ నా ఖర్చుతోని ఏపిస్త, ఆ గంట మగోళ్లు లోపలికి రావద్దు, పాటలు జెర సప్పుడు తక్కువ పెడ్దాం. నాతోపాటు మా అక్క బిడ్డ ఉంటది, బీపీఈడీ చదివింది, చెయ్యి పట్టి సరిచేసే పని ఉంటే ఆమెనే చేస్తది. నెలకు పదిహేను వందలు పెడ్దాం, అందుల తొమ్మిది వందలు మీకు, ఆరు వందలు మాకిద్దరికి. పన్నెండు మంది వచ్చినా ఖాళీగ ఉండే గంటకు మీకు నెలకు పది వేల ఎనిమిది వందలు.

రెండోది పోలీస్ పోరగాళ్లది, మూడింటి నుంచి నాలుగున్నర, వారంల మూడు రోజులు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగ పిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లల్ల ఉరకాలె, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకండ్లల్ల. లాంగ్ జంప్ మగోళ్లకు 4 మీటర్లు, ఆడోళ్లకు రెండున్నర. షాట్‌పుట్ మగోళ్లకు 7.26 కిలోల గుండు 6 మీటర్లు, ఆడోళ్లకు 4 కిలోల గుండు 4 మీటర్లు. మన పిల్లలు పొద్దున లేస్తే ఉరుకుడే, రోజూ ఉరికి ఉరికి పిక్క ముందటి ఎముక నొప్పి తెచ్చుకుంటరు, గుండు కాడికొస్తే ఉత్త చేతితో ఇసురుతరు. గుండు పోయేది కాళ్లు, నడుము దమ్ముతోని, ఆ దమ్ము స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ చేస్తేనే వస్తది, గ్రౌండ్‌ల ఆ సామాన్ ఏడ ఉంటది చెప్పుండ్రి. వీళ్లు పల్లెల నుంచి వచ్చి రూమ్‌ల ఉండి చదివే పిల్లలు, ఎక్కువ కట్టలేరు, వెయ్యి రూపాయలు పెడ్దాం, చెరి సగం. గ్రౌండ్‌ల నా దగ్గరున్న అయిదుగురు మొదటి రోజే వస్తరు. తతిమ్మ నలుగురు మీ మామూలు మెంబర్‌షిప్ పూరా కట్టి చేరుతరు, అందుల నాకు రూపాయి వద్దు.

పర్సనల్ ట్రైనింగ్ అడిగేటోళ్లు ఉంటే నెలకు పన్నెండు సెషన్లకు నాలుగు వేలు, మీకు పదహారు వందలు, నాకు ఇరవై నాలుగు వందలు. ఆరుగురికి మించి తీసుకోను, మించితే ఎవలకూ న్యాయం చెయ్యలేను. కోచ్ అన్న దగ్గర ఇప్పటికే చేస్తున్నోళ్లను నేను ముట్టను, వాళ్లే వచ్చి అడిగినా ముందు అన్నకు చెప్పి, మీరు సరే అంటేనే. ఫీజులన్నీ మీ గల్లలకే పోవాలె, రశీదు మీ పేరు మీదనే, నెలాఖరుకు మీరు నాకు ఇయ్యుండ్రి. నా చేతికి పైసలు తీసుకోను, మెంబర్ల నంబర్లు కూడా మీ రిజిస్టర్‌లనే ఉంటయి, నేను పోయిన రోజు నాతోపాటు పోవు.

పౌడర్ డబ్బల ముచ్చట ఒకటి ముందే చెప్పాలె. హైదరాబాద్‌ల నేను పని చేసిన కాడ నెలకు ఇన్ని డబ్బలు అమ్మాలె అని ట్రైనర్లకు టార్గెట్ పెట్టేటోళ్లు, అమ్మకపోతే జీతంల కోత. కూలి చేసుకునే ఇంటి పిల్లగానితోని నేను కూడా ఒక డబ్బ కొనిపిచ్చిన, అది ఇప్పటికీ మనసుల గుచ్చుకుంటది. మన కాడ నేను అమ్మను, అడిగితే తిండి చెప్త. మన హైదరాబాద్ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ లెక్క ప్రకారం పెద్ద మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలె, అరవై కిలోల మనిషికి యాభై గ్రాములు, బరువులు ఎత్తేటోళ్లకు ఇంకా ఎక్కువ. ఒక గుడ్డుల ఆరు గ్రాములు, మీల్‌మేకర్ యాభై గ్రాములు నానేస్తే ఇరవై అయిదు గ్రాములు, ఇంక పప్పు, పెరుగు, పల్లీలు ఉండనే ఉన్నయి. మూడు పూటలు అన్నం, పచ్చిపులుసు తిని కండ రాలే అంటే ఎట్లొస్తది, గీ లెక్క ఇంట్ల అమ్మకు చెప్తే చాలు. ఇంజెక్షన్లు, స్టెరాయిడ్ల మాట ఎవలన్నా ఎత్తితే ఆన్నే ఆపుత, మీకు చెప్త.

చేరేటప్పుడు ఒక పేజీ ఫారం నింపిద్దాం, షుగర్, బీపీ, గుండె, ఆపరేషన్లు, నొప్పులు ఏమున్నయో అడుగుదాం. నా దగ్గర బీపీ మెషిన్ ఉంది, పై లెక్క 180 దాటితే ఆ రోజు బరువులు లేవు, డాక్టర్ దగ్గరికే. మన జిల్లాల ఇది ఇంకా జాగ్రత్తగ చూడాలె అన్నా. మర్రిగూడ, చండూరు దిక్కు నుంచి టౌన్‌కు వచ్చిన పెద్దోళ్లల్ల ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ తిరగనోళ్లు, మోకాళ్లు మలవనోళ్లు ఉంటరు. వాళ్లను కింది దాక కూసోమని, నడుము వంచమని జబర్దస్తీ చేస్తే సాయం చెయ్యబోయి దెబ్బ తగిలిచ్చినట్టయితది, కుర్చీ మీదికెళ్లి లేసి కూసునుడు, లబ్బరు బ్యాండు, మెల్లగ నడక, వాళ్లకు గంతే చాలు, అది కూడా డాక్టర్‌ను అడిగినంకనే. నాకు సీపీఆర్ వచ్చు, ఎవలన్నా కుప్పకూలి ఊపిరి ఆగితే 108కు ఫోన్ కొట్టి ఛాతి నడుమ నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదు సెంటీమీటర్లకు తక్కువ కాకుండ ఒత్తాలె, బండి వచ్చే దాక ఆపొద్దు. మీకు, కోచ్ అన్నకు, ఊడ్చే పెద్దమ్మకు కూడా ఒక ఐతారం కూసోని నేర్పుత, దానికి ఒప్పందంతోని సంబంధం లేదు, మీరు నా మాట వద్దన్నా నేర్పుత.

దసరా అయినంక మొదలు పెడ్దామని నా మనసుల ఉంది. పండుగకు ఊర్లకు పోయినోళ్లు మళ్ల రానీకి బద్దకిస్తరు, అప్పుడు ఫోన్లు చేసే పని ఉంటది, జనవరిల కొత్త సంవత్సరం అని గుంపుగ చేరేటప్పటికి మనం తయారుగ ఉంటం. మూడు నెలలు చూడుండ్రి, నెల నెలా ఎందరు చేరిండ్రు, ఎందరు ఆగిపోయిండ్రు అని ఒక కాయితం మీద రాసి మీ ముందట పెడ్త. మీకు నచ్చకపోతే నెల మధ్యల అయినా సరే చెప్పుండ్రి, ఆ నెల కట్టినోళ్లకు పూర్తి చేసి పక్కకు జరుగుత. ఇద్దరం మాట్లాడుకున్నది ఒక పేజీ రాసుకొని సంతకాలు పెట్టుకుందాం, రేపు నా తోని మీకు గాని, మీ తోని నాకు గాని మాట రావద్దు.

ఈ లెక్కలల్ల మీకు కరెంటు, కిరాయి గిట్టకపోతే పాలు మార్చుకుందాం, మీ ఖర్చులు నాకు తెల్వయి కదా. కోచ్ అన్నతోని కూడా మీరు ముందే ఒక మాట అనుండ్రి, ఆయనకు ఇష్టం లేకుండ నేను ఆడ నిలబడలేను.

బేస్తారం పగటి పూట రెండింటికి మీరు ఖాళీగ ఉంటరని చూసిన, అప్పుడు వస్తె ఇరవై నిమిషాలు కూసుందామా అన్నా? ఆ రోజు కాకుంటే మీరు చెప్పిన రోజే వస్త. వద్దనుకుంటే వద్దు అని ఒక్క ముక్క పెట్టుండ్రి, ఏమనుకోను, పొద్దుగాల ఆరింటికి ఎప్పటి లెక్కనే వస్త.

మీ తమ్ముడు
మహేష్