జూలై 13 నుంచి కొత్త హైబ్రిడ్ రోస్టర్, వీకెండ్ డ్యూటీల పంపకం

అందరికీ నమస్కారం,

జూలై 13, సోమవారం నుంచి మన ప్రొడక్షన్ సపోర్ట్ టీమ్‌కు కొత్త రోస్టర్ మొదలవుతుంది. ఇది 12 వారాల చక్రం, అక్టోబర్ 4 ఆదివారంతో ముగుస్తుంది. ఎవరికి ఏ వరుస అన్నది గురువారం, జూలై 2న, మధ్యాహ్నం 2 గంటల హ్యాండోవర్ కాల్‌లో చీటీలు తీసి తేలుస్తాం. నైట్‌లో ఉన్న ఇద్దరూ ఆ టైమ్‌కు లేవనక్కర్లేదు. మీ చీటీ ఎవరు తీయాలో ముందే చెప్పండి.

జనవరి నుంచి జూన్ వరకు వీకెండ్ డ్యూటీల లెక్క తీశాం. అందరికంటే ఎక్కువ చేసినవారికి 34 రోజులు, తక్కువ చేసినవారికి 11 రోజులు వచ్చాయి. ఇది ఎవరో కావాలని చేసింది కాదు. "ఈ శనివారం ఎవరు వస్తారు?" అని గ్రూప్‌లో అడగడం, కాదనలేనివాళ్లు ఒప్పుకోవడం, హాస్టల్‌లో ఉండేవాళ్లకూ పెళ్లికానివాళ్లకూ ఇబ్బంది ఉండదులే అనుకోవడం, ఇలా పోగుపడింది. అందుకే ఇకపై వీకెండ్‌కు ఎవరినీ అడగం, ఎవరూ ముందుకు రావాల్సిన పని కూడా లేదు. షీట్‌లో పేరు ఉంటే డ్యూటీ, లేకపోతే సెలవు.

షిఫ్టులు మూడు. ఉదయం 6:00 నుంచి 2:30, మధ్యాహ్నం 2:00 నుంచి రాత్రి 10:30, నైట్ 10:00 నుంచి ఉదయం 6:30. మధ్యలో కలిసే అరగంట హ్యాండోవర్‌కే. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఉదయం ముగ్గురు, మధ్యాహ్నం నలుగురు, నైట్ ఇద్దరు. శని, ఆదివారాల్లో రెండు, రెండు, ఒకటి. మధ్యాహ్నానికి నలుగురెందుకంటే, క్లయింట్ లండన్‌లో తొమ్మిదికి ఆఫీసు తెరిస్తే ఇప్పుడు మనకు 1:30, టికెట్ల వరద అప్పుడే మొదలవుతుంది. అక్టోబర్ 25న అక్కడ గడియారాలు వెనక్కి జరిపాక అది 2:30 అవుతుంది. అది తర్వాతి చక్రం సంగతి కాబట్టి టైమింగ్స్ అప్పుడు చూద్దాం.

ఇక అసలు లెక్క. వారానికి కావలసినవి 55 డ్యూటీలు, మన పన్నెండు మంది ఐదేసి రోజులు చేస్తే 60. అంటే పని దినాల్లో రోజుకు ఒక్కరే అదనం. వీకెండ్‌కు ఐదుగురు చొప్పున 12 వారాలకు 60 పేర్లు కావాలి, తలా ఐదు వీకెండ్లు. మిగతా ఏడు పూర్తిగా మీవి.

ఎన్ని వీకెండ్లు అన్నది ఒక్కటే సమానం చేస్తే న్యాయం జరిగినట్టు కాదు. ఐదుసార్లూ ఆదివారం నైటే పడ్డవారూ, ఐదుసార్లూ ఉదయం షిఫ్టే పడ్డవారూ సమానమెలా అవుతారు? అందుకే వీకెండ్‌లో ఉండే ఐదు స్థానాలూ ప్రతి ఒక్కరికీ ఒక్కోసారి, ఒక్కసారే వస్తాయి. షీట్‌లో A కాలమ్ వారం నంబరు, B కాలమ్ మీ చీటీ నంబరు:

```
=MOD(A2-B2,12)
```

వచ్చిన అంకెను బట్టి మీ వారం ఇలా ఉంటుంది:

0 వస్తే: శని, ఆది మధ్యాహ్నం. వీక్ ఆఫ్ మంగళవారం.
2 వస్తే: శని, ఆది నైట్. వీక్ ఆఫ్ సోమవారం. మంగళ నుంచి శుక్ర వరకు మధ్యాహ్నం షిఫ్ట్.
4 వస్తే: శని, ఆది ఉదయం. వీక్ ఆఫ్ బుధవారం.
7 వస్తే: శని, ఆది మధ్యాహ్నం. వీక్ ఆఫ్ గురువారం.
9 వస్తే: శని, ఆది ఉదయం. వీక్ ఆఫ్ శుక్రవారం.
6, 11 వస్తే: సోమ నుంచి శుక్ర వరకు నైట్, వీకెండ్ సెలవు.
1, 3, 5, 8, 10 వస్తే: వీకెండ్ చేసిన మరుసటి వారం. నాలుగు రోజులే పని, వీకెండ్ సెలవు.

వీక్ ఆఫ్ వీకెండ్‌కు ముందు వారంలో ఒకటి, తర్వాత వారంలో అదే రోజున ఇంకొకటి. బుధవారం స్థానం పడితే ముందు బుధవారమూ, తర్వాతి బుధవారమూ. రెండు సెలవులూ కలిపి ఇవ్వొచ్చు కదా అని కొందరు అడిగారు. ఇవ్వొచ్చు, కానీ వీకెండ్ తర్వాత సోమ, మంగళ ఇస్తే అంతకుముందు సోమవారం నుంచి ఏడు రోజులు వరుసగా పని చేసినట్టవుతుంది. అందరికీ శుక్ర, సోమ ఇస్తే ఆ రెండు రోజులూ ఏడుగురే మిగులుతారు, కావలసింది తొమ్మిది మంది. ఒకే రోజున రెండుసార్లు పెడితే వరుసగా ఆరు రోజులు దాటదు, ప్రతి పని దినమూ ఇద్దరే సెలవులో ఉంటారు. వీకెండ్ ఉన్న వారం ఆరు రోజుల పని, తర్వాతి వారం నాలుగు. సోమవారం స్థానం వచ్చినవారికి ముందు, శుక్రవారం స్థానం వచ్చినవారికి తర్వాత మూడు రోజులు కలిసొస్తాయి.

వరుసగా రెండు వీకెండ్లు ఎవరికీ పడవు. మధ్యలో కనీసం ఒకటి ఖాళీ ఉంటుంది. నైట్ వారం అయ్యాక నేరుగా ఉదయం 6 గంటల షిఫ్టులోకి కాకుండా మధ్యాహ్నంలోకి వస్తారు. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య 11 గంటలు తగ్గకూడదన్నది గట్టి నియమం. షీట్‌లో తగ్గితే ఆ గడి ఎర్రగా మారుతుంది. వీకెండ్ నైట్ ఒక్కటే కొంచెం నష్టమని తెలుసు, సోమవారం సెలవు సగం నిద్రకే పోతుంది. అందుకే అది 12 వారాల్లో ఒక్కసారి మించి రాదు.

మధ్యాహ్నం షిఫ్టులో సోమ, గురువారాల్లో ఒకరు తగ్గుతారు. సోమవారం 1 వచ్చినవారూ, గురువారం 10 వచ్చినవారూ ఆ ఒక్క రోజు ఉదయానికి బదులు మధ్యాహ్నం చేస్తారు. ఇద్దరికీ మర్నాడు వీక్ ఆఫ్ కాబట్టి నిద్ర చెడదు.

ఆఫీసు రోజులు: నైట్, వీకెండ్ ఇంటి నుంచే. మిగతావారు వారానికి రెండు రోజులు మాదాపూర్ ఆఫీసుకు రావాలి. మీ వీక్ ఆఫ్ కాకపోతే బుధవారం అందరికీ ఉమ్మడి. రెండో రోజు మీ ఇష్టం, శుక్రవారం తప్ప. మనకున్నవి ఆరు డెస్కులే కాబట్టి ముందురోజు సాయంత్రం ఆరులోగా బుక్ చేసుకోండి. బుధవారం 2:00 నుంచి 2:30 వరకు రెండు షిఫ్టులూ కలుస్తాయి, డెస్కులు చాలవు, హ్యాండోవర్ మీటింగ్ రూమ్‌లో పెట్టుకోండి. రాత్రి 10:30కి ఆఫీసు నుంచి వెళ్లేవారికి ఆడా మగా తేడా లేకుండా క్యాబ్ ఉంటుంది. సాయంత్రం 5 లోగా రిక్వెస్ట్ పెట్టాలి, ఆలస్యమైతే వాళ్లు రూట్ మార్చరు. చివరి డ్రాప్ మహిళదైతే గార్డు లేకుండా క్యాబ్ కదలకూడదు. గార్డు రాకపోతే ఎక్కకుండా నాకు ఫోన్ చేయండి.

ఇంటి నుంచి చేసేవారికి వర్షాకాలంలో కరెంటుతోనే పేచీ. రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉండాలి. లేనివారు ఈ శుక్రవారం లోగా చెబితే ఆఫీసు నుంచే ఇప్పిస్తాం. లాప్‌టాప్ బ్యాటరీ ఎంతసేపు ఆగినా రౌటర్ ఆగిపోతే వీపీఎన్ పోతుంది, చాలాసార్లు జరిగేది అదే. ఫోన్ హాట్‌స్పాట్ మీద లాగిన్ అయి ఒకసారి పరీక్షించి చూసుకోండి, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ సిమ్ కాకుండా వేరేది ఉంటే మంచిది. 15 నిమిషాలు దాటి కనెక్షన్ రాకపోతే తోటివారికి ఫోన్ చేయాలి. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు. వీకెండ్ నైట్‌లో ఒక్కరే ఉంటారు కాబట్టి నేరుగా నాకే.

అకస్మాత్తుగా ఒంట్లో బాగోలేకపోతే: పని దినాల్లో ఆ రోజు అదనంగా ఉన్న వ్యక్తి వస్తారు, పేరు షీట్ పైవరుసలో ఉంటుంది. శని, ఆదివారాల్లో అదనపు మనిషి లేరు. నేను ఈ పన్నెండు మందిలో లేను కాబట్టి మొదటి పిలుపు నాకే. సెలవులో ఉన్నవారికి ఎవరూ నేరుగా ఫోన్ చేయవద్దు. ఇది మర్యాద కోసం పెట్టింది కాదు, పాత పద్ధతి మళ్లీ మొదలయ్యేది ఆ ఫోన్‌తోనే.

డ్యూటీలు మార్చుకోవడం: కుదురుతుంది, కానీ మొత్తం వీకెండ్‌కు మొత్తం వీకెండ్, దానితో ఉన్న రెండు వీక్ ఆఫ్‌లతో సహా. శనివారం ఒక్కటే మార్చుకుంటే వీక్ ఆఫ్ ఒకరి దగ్గర, పని ఇంకొకరి దగ్గర ఉండిపోతుంది. ముందు వీక్ ఆఫ్ రావడానికి కనీసం ఏడు రోజుల ముందు ఇద్దరూ షీట్‌లో ఓకే పెట్టాలి. "నువ్వు చెయ్, నేను తర్వాత ఎప్పుడైనా చేస్తా" అన్నది ఒప్పుకోం. తిరిగి చేసే వారం అదే చక్రంలో, అప్పుడే రాయాలి. నైట్‌కు నైట్ దొరకకపోతే ఏ స్థానంతోనైనా మార్చుకోవచ్చు, అలవెన్స్ మాత్రం పని చేసినవారికే.

పండుగలు: ఆగస్టు 15 ఈసారి శనివారం, ఐదో వారం. ఆ రోజు డ్యూటీ చీటీలో 1, 3, 5, 8, 10 వచ్చినవారిది. వారికి మామూలు వీక్ ఆఫ్ కాక ఇంకో రోజు సెలవు, 30 రోజుల్లోగా తీసుకోవాలి. వినాయక చవితి సెప్టెంబర్ 14, సోమవారం. లండన్‌కు అది మామూలు రోజు కాబట్టి సంఖ్య తగ్గించలేం. 7, 8 చీటీ నంబర్లకు ఆ రోజు ఎలాగూ వీక్ ఆఫ్. మిగిలే ఒక్క సెలవు జనవరి నుంచి జూన్ వరకు ఎక్కువ వీకెండ్లు చేసినవారికి ముందు. పాత బాకీ తీర్చడానికి తక్కువ చేసినవారిపై అదనపు వీకెండ్లు వేయడం లేదు, వేస్తే రెండు వీకెండ్లు వరుసగా పడతాయి. బాకీ ఇలా పండుగ సెలవుల్లోనే తీరుస్తాం. బోనాల ఆదివారాలకూ ఇదే వరుస: బాకీ ఉన్నవారు మార్పిడి అడిగితే, అవతలివారిని వెతికిపెట్టే పని నాది.

గర్భం, చికిత్స, ఇంట్లో పసిపిల్లలు లేదా మంచాన ఉన్న పెద్దవాళ్లు, ఇలాంటి కారణాలతో నైట్ కుదరనివారు నాతో విడిగా మాట్లాడండి. షీట్‌లో "నైట్ లేదు" అని మాత్రమే కనిపిస్తుంది, కారణం ఎవరూ అడగకూడదు. వీకెండ్ల సంఖ్య మాత్రం మారదు, స్థానమే మారుతుంది.

మొదటి వారం కాస్త చేత్తో సర్దాం: జూలై 11, 12 తేదీల్లో పాత రోస్టర్ ప్రకారం పని చేసే ఐదుగురికే ఆ వారం తర్వాతి వీక్ ఆఫ్‌లు వెళ్తాయి. పూర్తి షీట్ జూలై 6న పెడతాను. తప్పులు, అభ్యంతరాలు బుధవారం, జూలై 8 సాయంత్రం 6 లోగా ఈ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. అందరికీ కనిపించకూడదనుకుంటే నాకు ఒక్కడికే పంపండి. అలవెన్స్ లెక్క ప్రతి నెలా 25న ఇదే షీట్ నుంచి పేరోల్‌కు వెళ్తుంది, కాబట్టి మార్పిడి షీట్‌లో లేకపోతే డబ్బు పాత పేరుకే పడుతుంది.

ఇట్లు,
షిఫ్ట్ లీడ్, ప్రొడక్షన్ సపోర్ట్