నివాసితులకు ప్రకటన: అవసరమైన నంబర్లు

ఇవన్నీ ఇంటర్‌కమ్ నంబర్లు. ఫోను పక్కనే అతికించుకోండి.

సెక్యూరిటీ, మెయిన్ గేటు: 901 (24 గంటలూ)

లిఫ్టు మరమ్మతు: 902
లోపల ఇరుక్కుంటే అలారం బటన్ నొక్కి ఆగండి. గాలి ఆడుతుంది, కంగారు వద్దు. బయట ఉన్నవారు ఏ బ్లాకో, ఏ అంతస్తో ఈ నంబరుకు చెప్పండి. సాయం చేద్దామని తలుపులు బలవంతంగా తెరవకండి. లిఫ్టు ఉన్నట్టుండి కదిలితే ప్రాణాలకే ముప్పు. మెకానిక్ వచ్చేదాకా లోపలివారితో మాట్లాడుతూ ఉండండి.

నీటి సరఫరా: 903 (ఉదయం 6 నుంచి రాత్రి 9 వరకు; తర్వాత 901)
ముందు పక్కింట్లో నీళ్లు వస్తున్నాయేమో అడగండి. మీ ఒక్క ఇంట్లోనే రాకపోతే అది ప్లంబరు పని, పాపం మోటారుది తప్పు కాదు. ట్యాంకు పొంగినా ఇదే నంబరు.

కార్యదర్శి,
నివాసితుల సంఘం